షాపు అద్దెకు తీసుకుంటున్నారా? లాక్-ఇన్, డిపాజిట్, అద్దె పెంపు... సంతకానికి ముందు ఈ లెక్క చూడండి

గజపతినగరం మెయిన్ రోడ్డు మీద మీకో షాపు గది నచ్చింది. విజయనగరం నుంచి సాలూరు వైపు వెళ్లే బస్సులన్నీ దాని ముందు నుంచే పోతాయి. మొబైల్ షాపో, బట్టల షాపో పెట్టాలని మీ ఆలోచన. అద్దె నెలకు 12,000 రూపాయలని మాట అయింది. ఓనరు నాలుగు పేజీల కాగితం ముందు పెట్టి, "అందరికీ ఇచ్చేదే బాబూ, సంతకం పెట్టేయ్" అన్నారు.

ఆ కాగితంలో మీరు చూసిన అంకె ఒక్కటే, 12,000. మీ డబ్బు ఎంత ఇరుక్కుంటుందో తేల్చేది మాత్రం అందులోని వేరే మూడు షరతులు. అవి లాక్-ఇన్ కాలం, సెక్యూరిటీ డిపాజిట్, అద్దె పెంపు. ఈ మూడింటినీ విడివిడిగా చదివితే మామూలుగానే కనిపిస్తాయి. కలిపి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే, ఊళ్లో నడుస్తున్న రేట్లు కావు. లీజు అయిదేళ్లు. అద్దె 12,000. ఏటా 5 శాతం పెంపు. ఆరు నెలల అద్దె, అంటే 72,000 రూపాయలు డిపాజిట్. మూడేళ్లు, అంటే 36 నెలలు లాక్-ఇన్.

లాక్-ఇన్ అంటే ఏంటి?

ఒప్పందంలో రాసుకున్న కొన్ని నెలల పాటు లీజును మధ్యలో వదిలేయకూడదనే షరతే లాక్-ఇన్. ఇక్కడ మొదట చూడాల్సింది ఆ షరతు ఎవరిని కట్టేస్తోందన్నది. చాలా కాగితాల్లో "అద్దెదారుడు 36 నెలల వరకు ఖాళీ చేయరాదు" అని ఉంటుంది. ఓనరు ఖాళీ చేయించకూడదని ఎక్కడా ఉండదు. పైగా ఇంకో పేజీలో "ఇరుపక్షాలలో ఎవరైనా మూడు నెలల నోటీసుతో లీజు రద్దు చేసుకోవచ్చు" అని కూడా రాసి ఉండొచ్చు. రెండూ కలిపి చదివితే, మీరు మూడేళ్లు కదలకూడదు, ఓనరు మాత్రం మూడు నెలల్లో పంపించేయొచ్చు అని వాదించడానికి దారి దొరుకుతుంది.

మీరు ర్యాకులు, గ్లాసు తలుపు, సీలింగు, బోర్డు కోసం లక్షలు పెట్టాక ఈ తేడా బయటపడితే చేసేదేమీ ఉండదు. అందుకే బేరం వేరేలా ఆడాలి. ఓనరు అయిదేళ్ల పాటు, మీరు అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం, ఖాళీ చేయించకూడదు. మీకు మాత్రం లాక్-ఇన్ ఏడాదే ఉండాలి. ఇది అత్యాశ కాదు. గదికి పెట్టుబడి పెడుతున్నది మీరు. మీరు వెళ్లిపోయినా ఆయన గది ఆయనకు ఉంటుంది, మీ ఫాల్స్ సీలింగు మాత్రం మీ వెంట రాదు.

ఇప్పుడు మన ఉదాహరణలో చెడు జరిగిందనుకుందాం. వ్యాపారం నడవలేదు. 14వ నెలాఖరున తాళాలు ఇచ్చేద్దామనుకున్నారు. కాగితంలో "మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన లాక్-ఇన్ కాలం అద్దె మొత్తం చెల్లించాలి, డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు" అని ఉంది. ఇంకా 22 నెలలు మిగిలాయి. అందులో పది నెలలు 12,600 చొప్పున 1,26,000. తర్వాతి ఏడాది 13,230 చొప్పున 1,58,760. మొత్తం 2,84,760 రూపాయలు. డిపాజిట్‌ను ఇందులో సర్దుకున్నా ఇంకా 2,12,760 మీరే బాకీ అంటారు. మూతపడిన షాపుకు!

ఓనరు అడిగినంతా ఇవ్వాల్సిందేనా?

కాగితంలో రాసి ఉంది కాబట్టి ఆ మొత్తం తనంతట తానే వచ్చేయదు. భారత కాంట్రాక్ట్ చట్టం 1872లోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత ఇవ్వాలని ముందే రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే.

సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ వర్సెస్ ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. అది అద్దె కేసు కాదు, స్థలం వేలం కేసు. 3.12 కోట్లకు పాట పాడిన సంస్థ కట్టిన 78 లక్షల బయానాను ఆ అథారిటీ జప్తు చేసుకుంది. తర్వాత అదే స్థలాన్ని 11.78 కోట్లకు అమ్ముకుంది. పాట పాడిన సంస్థ వైపు తప్పు లేదని కోర్టు తేల్చింది. దాంతోపాటు, నష్టమే జరగనప్పుడు డబ్బు ఉంచేసుకోవడం కుదరదని చెప్పి బయానా తిరిగి ఇప్పించింది.

లాక్-ఇన్ అద్దె గురించి నేరుగా ఢిల్లీ హైకోర్టు 2012లో టవర్ విజన్ ఇండియా వర్సెస్ ప్రోకాల్ కేసులో మాట్లాడింది. మిగిలిన లాక్-ఇన్ కాలం అద్దె అన్నది తేలిపోయిన అప్పు కాదు, నిరూపించుకోవాల్సిన నష్టపరిహారమని దాని సారాంశం. ఇది మన రాష్ట్ర హైకోర్టు తీర్పు కాదు కాబట్టి ఇక్కడి కోర్టులు దానికి తప్పనిసరిగా కట్టుబడవు. అయినా మీ న్యాయవాది చూపించగలిగే ఆధారమే.

దీన్ని మన లెక్కలో పెడదాం. మీరు వెళ్లిన మూడు నెలలకు అదే గది అదే అద్దెకు ఇంకొకరికి ఇచ్చారనుకోండి. ఆయనకు పోయింది మూడు నెలల అద్దె, 37,800. డిపాజిట్ 72,000లో అది పోగా 34,200 మీకు రావాలన్నది మీ వాదన అవుతుంది. 2,12,760 బాకీ అన్న చోటు నుంచి 34,200 వెనక్కి రావాలన్న చోటుకు వచ్చాం.

అయితే ఇందులో చేదు నిజం ఒకటుంది. వాదన మీ వైపు ఉన్నా డబ్బు ఆయన చేతిలో ఉంది. 34,200 కోసం సివిల్ దావా వేసి, వాయిదాలకు తిరిగి, లాయరు ఫీజు కట్టేవాళ్లు ఎంతమంది? చాలామంది వదిలేసుకుంటారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే కోర్టును నమ్ముకోవడం కంటే ఒప్పందంలోనే హద్దు రాయించుకోవడం మేలు: "లాక్-ఇన్ లోపల ఖాళీ చేస్తే అద్దెదారుడు రెండు నెలల అద్దెకు మించి పరిహారం చెల్లించనక్కరలేదు, తనకు బదులుగా యజమాని సమ్మతించిన మరో అద్దెదారుని చూపిస్తే అదీ చెల్లించనక్కరలేదు." ఈ ఒక్క వాక్యం మన ఉదాహరణలో గొడవను 25,200 దగ్గర ఆపేస్తుంది.

తుపాను వస్తే? రోడ్డు తవ్వితే?

ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్లు ఈ ప్రశ్న అడగకుండా లీజు రాసుకోకూడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవాళ్లం కదా.

గది కూలిపోయినా, అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటి వాటితో దానిలో ముఖ్యభాగం శాశ్వతంగా వాడుకోవడానికి పనికిరాకుండా పోయినా లీజు రద్దు చేసుకునే హక్కు అద్దెదారుడికి ఉంది. ఆస్తి బదిలీ చట్టం 1882లోని 108వ సెక్షన్ చెప్పేది అదే. కానీ గది నిలబడే ఉండి, గిరాకీ మాత్రమే పోతే ఈ సెక్షన్ పనికిరాదు. 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు రామానంద్ వర్సెస్ గిరీష్ సోనీ కేసులో ఇదే తేల్చింది. లాక్‌డౌన్‌లో షాపు మూతపడింది కాబట్టి అద్దె నిలిపివేయాలని ఖాన్ మార్కెట్‌లోని ఓ అద్దెదారు అడిగారు. కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందంలో అలాంటి షరతు ఉంటే అద్దె మినహాయింపు అడగొచ్చు, లేకపోతే చట్టం దానంతటది ఇవ్వదని చెప్పింది. కట్టడానికి కాస్త గడువు మాత్రం ఇచ్చింది.

కాబట్టి రోడ్డు విస్తరణలో షాపు ముందు భాగం పోయినా, ప్రభుత్వ ఆదేశంతో నెలకు మించి మూతపడినా లాక్-ఇన్ వర్తించదని మీరే రాయించుకోవాలి. హైవే పక్కన షాపు తీసుకునేవాళ్లు ఈ మాట అసలు మరచిపోవద్దు.

డిపాజిట్: 'అడ్వాన్స్' అనే మాటతో వచ్చే చిక్కు

మనం మాటల్లో అన్నింటినీ అడ్వాన్స్ అనే అంటాం. తిరిగి వచ్చే డిపాజిట్టూ అడ్వాన్సే, ముందుగా కట్టిన నెల అద్దే అడ్వాన్సే, తిరిగిరాని గుడ్‌విల్లూ కొన్నిచోట్ల అడ్వాన్సే. కాగితం మీద ఈ కలగాపులగం పనికిరాదు. "72,000 రూపాయలు, తిరిగి చెల్లించవలసిన సెక్యూరిటీ డిపాజిట్" అని స్పష్టంగా ఉండాలి. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి, రిమార్కులో "షాపు డిపాజిట్" అని రాయండి.

ఎంత డిపాజిట్ సమంజసం? కేంద్రం 2021లో రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలల అద్దె, వ్యాపార గదులకు ఆరు నెలల అద్దె గరిష్ఠ పరిమితిగా పెట్టారు. నమూనా చట్టం దానంతటదే ఎక్కడా వర్తించదు. కానీ పది నెలల డిపాజిట్ అడిగే ఓనరుతో బేరమాడటానికి ఇదో కొలబద్ద.

ఒక్కోసారి ఓనరే ఓ సలహా ఇస్తారు: "స్టాంపు ఖర్చు తగ్గుతుంది, కాగితంలో అద్దె 6,000, డిపాజిట్ 20,000 అని వేద్దాం, మిగతాది మన మధ్య ఉంటుంది." దీనికి ఒప్పుకోకండి. రాతపూర్వక దస్తావేజుకు విరుద్ధంగా నోటిమాట చెబితే కోర్టులో నిలవడం చాలా కష్టం. మిగిలిన 52,000 ఇచ్చినట్టు మీ దగ్గర ఏముంటుంది?

డిపాజిట్ గొడవలు ఎక్కువగా చివరి రోజున వస్తాయి. "తాళాలు ఇచ్చెయ్, లెక్క చూసి నెలలో పంపిస్తా" అంటారు. ఆ నెల ఎప్పుడొస్తుందో చెప్పలేం. కొందరు అద్దెదారులు దీనికి విరుగుడుగా ఆఖరి నెలల అద్దె ఆపేస్తారు. అలా చేస్తే మీరే ఒప్పందం తప్పినట్టవుతుంది. సరైన దారి వేరు. తాళాలు అప్పగించడం, డిపాజిట్ తిరిగి ఇవ్వడం ఒకే రోజు, ఒకే చోట జరగాలని రాయించుకోండి. దానికి వారం ముందు ఇద్దరూ కలిసి గది చూడాలి. దేనికి ఎంత కోత పెడుతున్నారో బిల్లుతో చూపించాలి. రంగు వెలవడం, షట్టరు అరగడం లాంటి సాధారణ అరుగుదలకు కోత ఉండకూడదు. గదిలో చేరిన రోజునే గోడలు, నేల, షట్టరు, కరెంటు మీటరు రీడింగు ఫోన్లో ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపితే తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. మీటరు ఓనరు పేరు మీదే ఉంటే ఈపీడీసీఎల్ బకాయి పాతదో మీదో తేల్చేది కూడా ఆ ఫొటోనే.

ఇంకో ప్రమాదం, మధ్యలో ఓనరు గది అమ్మేయడం, లేదా అన్నదమ్ములు పంచుకోవడం. కొత్త ఓనరు "నాకు డిపాజిట్ ఎవరిచ్చారు?" అంటారు. "ఆస్తి ఎవరికి బదిలీ అయినా ఈ లీజుకు, డిపాజిట్ తిరిగి చెల్లింపుకు వారు బద్ధులు" అన్న వాక్యం ఉండాలి. గది ఉమ్మడి ఆస్తి అయితే హక్కుదారులందరూ సంతకం పెట్టాలి.

అద్దె పెంపు: శాతం కంటే ముందు చూడాల్సింది

ఏటా 5 శాతమా, 10 శాతమా అన్నది అందరూ అడుగుతారు. దేని మీద శాతం, ఎన్ని నెలలకోసారి అన్నది తక్కువ మంది అడుగుతారు. డబ్బు పోయేది అక్కడే.

మన ఉదాహరణలో ఏటా 5 శాతం, అప్పుడు నడుస్తున్న అద్దె మీద పెంచితే అయిదేళ్లలో మీరు కట్టేది సుమారు 7,95,700. బదులుగా మూడేళ్లు అద్దె కదలకుండా ఉండి, ఆ తర్వాత ఒకేసారి 15 శాతం పెంచేలా మాట్లాడుకుంటే 7,63,200. వినడానికి 15 పెద్దదే, లెక్కలో ఇదే చవక. పైగా వ్యాపారం కుదురుకునే మొదటి మూడేళ్లు అద్దె పెరగదు.

ఏటా 10 శాతం అయితే 8,79,100 దాటుతుంది. అదే 10 శాతాన్ని ప్రతిసారీ మొదటి అద్దె 12,000 మీదే లెక్కిస్తే 8,64,000. "10 శాతం పెంచబడును" అని మాత్రమే రాస్తే రెండు అర్థాలూ వస్తాయి.

ఇక అసలు కిటుకు '11 నెలలు'. పదకొండు నెలలకోసారి కాగితం మార్చి, మార్చినప్పుడల్లా 10 శాతం పెంచే అలవాటు ఉంది. అది ఏడాదికోసారి పెంచినట్టే అనిపిస్తుంది. కానీ 60 నెలల్లో నాలుగుసార్లకు బదులు అయిదుసార్లు పెరుగుతుంది. మొత్తం 9,02,500 అవుతుంది. ఒక్క నెల తేడాతో 23,000కు పైగా అదనం.

అందుకే శాతం బదులు అంకెలే రాయించండి. మొదటి ఏడాది 12,000, రెండో ఏడాది 12,600, మూడో ఏడాది 13,230 అని ఓ చిన్న పట్టిక దస్తావేజులో ఉంటే తర్వాత వాదనకు చోటు ఉండదు. అద్దె పెరిగినప్పుడల్లా డిపాజిట్ కూడా ఆరు నెలల అద్దెకు సరిపడా పెంచాలన్న వాక్యం ఉందేమో కూడా చూడండి. ఉంటే అయిదో ఏడాదికి ఇంకో 15,500 చేతి నుంచి పెట్టాలి.

మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఓనరుకు లేకపోతే, 2024 అక్టోబరు 10 నుంచి వ్యాపార గది అద్దె మీద 18 శాతం పన్ను రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు 2025 జనవరి 16 నుంచి దీన్ని మినహాయించారు. మీ ఆడిటరును ముందే అడగండి.

ఇదంతా 100 రూపాయల స్టాంప్ పేపరు మీద రాసుకుంటే?

ఇంతసేపు చెప్పుకున్నదంతా ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ దస్తావేజు ద్వారానే జరగాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. 11 నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని దేశమంతా చెప్పుకునే మాట మన దగ్గర కుదరదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన సవరణతో స్థిరాస్తి లీజులన్నీ కాలపరిమితితో సంబంధం లేకుండా రిజిస్టర్ చేయాల్సిన వాటిలో చేరాయి.

రిజిస్టర్ చేయకపోతే ఏమవుతుంది? ఆ కాగితంలోని షరతులను సాక్ష్యంగా చూపించడం కుదరదు. అయిదేళ్ల లీజు నెలవారీ అద్దెగా మారిపోతుంది. ఆంథోనీ వర్సెస్ ఇట్టూప్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇలాగే తేల్చింది. నెలవారీ అద్దెను 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఓనరు మిమ్మల్ని లాక్-ఇన్‌తో కట్టేయలేరన్నది నిజమే. కానీ మూడు లక్షలతో మీరు సిద్ధం చేసుకున్న షాపును పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమని ఆయనా అడగగలరు. అయిదేళ్ల వరకు అద్దె ఇంతే అన్న మీ పట్టికా పనిచేయదు.

రిజిస్ట్రేషన్‌కు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. గజపతినగరంలోనే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఉంది. వెళ్లే ముందు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ registration.ap.gov.in లో ఆ ఆస్తికి ఈసీ తీసి చూడండి. గది ఎవరి పేరు మీద ఉందో, బ్యాంకు తనఖాలో ఉందో అక్కడ కనిపిస్తుంది. తనఖా ఉంటే బ్యాంకు రాతపూర్వక సమ్మతి అడగండి. స్టాంపు సుంకం ఎంతవుతుందో కార్యాలయంలోనే అడిగి తెలుసుకుని, అది ఎవరు కట్టాలన్నది అద్దె బేరంలోనే తేల్చుకోండి.

దస్తావేజు లేఖరి దగ్గర కూర్చున్నప్పుడు చిత్తు ప్రతి ఒక రోజు ముందే ఇవ్వమనండి. ఇంటికి తెచ్చుకుని, 14వ నెలలో మీరు షాపు మూసేసినట్టు ఊహించుకుని ఒకసారి చదవండి. ఆ రోజు మీ జేబులోంచి ఎంత పోతుందో ఆ కాగితం ఒక అంకెగా చెప్పగలిగితే సంతకం పెట్టండి. చెప్పలేకపోతే దాన్ని లేఖరికి వెనక్కి ఇచ్చి, ఆ అంకె రాయించండి.